ఖర్చుల క్లెయిముల్లో కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, అయినా అనుమానం. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆమదాలవలస_శ్రీ
శ్రీకాకుళంలో ఎరువులు, విత్తనాలు పంపిణీ చేసే ఒక సంస్థలో అంతర్గత ఆడిట్ విభాగంలో ఈమధ్యే చేరాను. జులై నుంచి అక్టోబరు వరకు ఫీల్డు సిబ్బంది పెట్టిన ప్రయాణ ఖర్చుల క్లెయిములు చూడమన్నారు. మొత్తం పద్నాలుగు మంది. పదమూడు మంది కాగితాలు మామూలుగానే ఉన్నాయి. ఒక బిల్లు నలిగిపోయి ఉంటుంది, ఒకటి పోయిందని ఉత్తరం రాసి ఉంటుంది, ఒకదాని కూడిక తప్పు. పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు వైపు తిరిగే ఒకాయన ఫైలు మాత్రం మచ్చ లేకుండా ఉంది. ప్రతి రాత్రికీ లాడ్జి బిల్లు ఉంది, ప్రతి రోజుకూ కిలోమీటర్ల లెక్క ఉంది, ఏరియా మేనేజరు సంతకం ఉంది. తొమ్మిది రాత్రులూ ఒకే లాడ్జి, అన్నీ చేతిరాత బిల్లులు, ఒక్కొక్కటీ 1,008 రూపాయలు.

చదువుకున్నప్పుడు మోస త్రిభుజం గురించి చెప్పారు: ఒత్తిడి, అవకాశం, సమర్థన. ఆయన అప్పుల్లో ఉన్నారో లేదో, మనసులో ఏమనుకుంటున్నారో వోచర్లు తిరగేస్తే నాకెలా తెలుస్తుంది? మేనేజరును అడిగితే "అతను మా బంగారం, వేరేవాళ్లని చూసుకోండి" అన్నారు. నేను అనవసరంగా అనుమానిస్తున్నానా?

ముక్కుసూటి
"వేరేవాళ్లని చూసుకోండి" అన్నారా? అయితే ముందు ఆయన్నే చూడండి.

వంశధార
సీఏ ఇంటర్ రాస్తున్నాను, ఇది మాకు పాఠంలో ఉంది. మూడూ కలిస్తేనే మోసం జరుగుతుంది. కాబట్టి ఒత్తిడి ఉందని రుజువు చేయలేకపోతే మోసం కింద తీసుకోకూడదు. ముందు ఆయన ఆర్థిక పరిస్థితి తెలుసుకోండి: కొత్త బండి కొన్నారా, ఇల్లు కడుతున్నారా, పిల్లలను ఏ కాలేజీలో చేర్చారు, ఇలాంటివి.

నాగావళి_తీరం
వంశధార గారూ, మొదటి సగం ఒప్పుకుంటాను, రెండో సగం ఒప్పుకోలేను. ఆ మూడు కోణాలూ డొనాల్డ్ క్రెసీ అనే అమెరికన్ నేరశాస్త్రవేత్త 1953లో చెప్పినవి. నమ్మకంతో డబ్బు అప్పగిస్తే కాజేసి జైలుకు వెళ్లినవారితో మాట్లాడి, ఎందుకు చేశారో అర్థం చేసుకోవడానికి చెప్పాడు. అది కారణాల వివరణ. ఆడిటర్ రుజువు చేయాల్సిన మూడు అంశాల పట్టిక కాదు. ఇంకో మాట. క్రెసీ చెప్పిన ఒత్తిడి ఉత్త అప్పు కాదు, ఎవరికీ చెప్పుకోలేని ఇబ్బంది. అప్పు మన జిల్లాలో ఎవరికి లేదు? ఇల్లు కడుతున్నాడంటే మస్కట్‌లో ఉన్న తమ్ముడు పంపి ఉండవచ్చు. కొత్త బండి మామగారు ఇచ్చి ఉండవచ్చు. వాటి వెంటపడితే ఊరి కబుర్లు పోగవుతాయి, ఆధారం ఒక్కటీ రాదు.

శ్రీ గారూ, కాగితాల్లో తేటగా కనిపించేది మూడింటిలో ఒకటే, అవకాశం. అక్కడే మొదలుపెట్టండి. ఆ క్లెయిము ఆయన చేతిలోంచి డబ్బుగా మారేదాకా మధ్యలో ఎవరెవరు చూస్తారు, ఒక్కొక్కరూ నిజంగా ఏం చూస్తారు? అది రాయండి, తర్వాత మాట్లాడదాం. ఆ లాడ్జి బిల్లుల నంబర్లు కూడా వరుసగా పెట్టండి.

పలాస_జీడి
ఇక్కడ ఆడిటర్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. నా సెప్టెంబరు క్లెయిము ఆడిట్‌వాళ్లు ఆపేశారు. టెక్కలిలో బస చేసిన బిల్లు వర్షానికి తడిసి చిరిగిపోయింది. ఫోనులో ఫొటో ఉంది, ఒప్పుకోవడం లేదు. నేను దొంగనా?

ముక్కుసూటి
ఇది వేరే విషయం. విడిగా అడగండి.

నాగావళి_తీరం
జీడి గారూ, దొంగ అని ఎవరూ అనలేదు. అసలు బిల్లు ఒక నెలలో, దాని ఫొటో మరో నెలలో పెట్టి రెండుసార్లు తీసుకోవడం ఈ రంగంలో బాగా పాత పద్ధతి, అందుకే ఫొటోలంటే భయం. ఫోన్‌పేలోనో కార్డుతోనో కట్టి ఉంటే ఆ లావాదేవీ వివరం జత చేయండి. నగదైతే లాడ్జి నుంచి నకలు బిల్లు అడగండి, మీద "నకలు" అని రాసి సంతకం చేసి ఇస్తారు.

ఆమదాలవలస_శ్రీ
నాగావళి గారూ, అడిగినవి ఇవిగో.

బిల్లు నంబర్లు: 412, 413, 415, 416, 418, 419, 421, 422, 424. మొదటిది జులై రెండో వారంలోది, చివరిది అక్టోబరు చివరిది.

డబ్బు ఎలా వెళుతుందంటే, ఉద్యోగి ఫారం నింపి బిల్లులు జతచేసి ఏరియా మేనేజరుకు ఇస్తారు. ఆయన సంతకం పెడతారు. అకౌంట్స్‌లో కూడిక సరిచూసి, మేనేజరు సంతకం ఉంటే చెల్లిస్తారు. సంతకాల కింద తేదీలు చూశాను. మేనేజరు తన కింది ఆరుగురి నెల క్లెయిములన్నింటికీ ఒకే రోజు సంతకం చేస్తున్నారు, ప్రతి నెలా.

లెక్కల_పురుగు
దొరికింది! మూడున్నర నెలల్లో ఆ లాడ్జి పన్నెండు పదమూడు బిల్లులే ఇచ్చిందా? వాటిలో తొమ్మిది ఈయనకేనా? లాడ్జి ఎలా బతుకుతోంది మరి? బిల్లు పుస్తకం ఈయన సంచిలోనే ఉంది. దానికి తోడు బెన్‌ఫర్డ్ సూత్రం కూడా పెట్టి చూడండి. సహజమైన లెక్కల్లో మొదటి అంకె 1 సుమారు 30 శాతం సార్లు వస్తుంది, 9 ఐదు శాతం కూడా రాదు. తేడా ఉంటే కల్పించిన అంకెలే.

నాగావళి_తీరం
పురుగు గారూ, నంబర్ల మీద మీ చూపు మంచిది, తీర్పే తొందరపాటు. మన వైపు చిన్న లాడ్జీల్లో ఎక్కువమంది బిల్లు అడగరు. అడిగే కంపెనీ ఉద్యోగుల కోసం కొందరు విడిగా ఒక పుస్తకం ఉంచుతారు. అలాంటి పుస్తకంలో వరుస నంబర్లు రావడం సహజం. కాబట్టి ఇది ఎర్రజెండా అవును, ఆధారం ఇంకా కాదు.

బెన్‌ఫర్డ్ ఇక్కడ పనికిరాదు. దానికి వేల సంఖ్యలో, చిన్నా పెద్దా విస్తారంగా పరుచుకున్న అంకెలు కావాలి. ఇక్కడ ఒక మనిషివి వంద చిల్లర పద్దులు. పైగా దినభత్యం కంపెనీ నిర్ణయించినది, గది అద్దె ఒకటే. నిజాయతీపరుడి ఫైలు కూడా ఆ పరీక్షలో తప్పుతుంది.

శ్రీ గారూ, 1,008 అంటే అద్దె 900, దాని మీద 12 శాతం పన్ను 108. జులైకి అది సరే. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులకు జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. అక్టోబరు బిల్లు 945 ఉండాలి. ఆయన అక్టోబరు బిల్లులు ఎంత?

ఆమదాలవలస_శ్రీ
అక్టోబరువి కూడా 1,008 చొప్పునే. సీజీఎస్టీ 54, ఎస్‌జీఎస్టీ 54 అని చేత్తో రాసి ఉంది. జీఎస్టీ నంబరు పోర్టల్‌లో కొట్టి చూశాను. మన రాష్ట్రం కోడు 37తోనే మొదలవుతోంది, లాడ్జి పేరే వస్తోంది, రిజిస్ట్రేషను అమల్లోనే ఉంది.

వంశధార
నంబరు నిజమైనదైతే బిల్లు నిజమైనదే కదా?

నాగావళి_తీరం
నిజమైన లాడ్జి, నిజమైన పుస్తకం, జరగని బస. ఈ మూడూ ఒకే కాగితం మీద ఉండగలవు. ఆ బిల్లు మీద మీ సంస్థ జీఎస్టీ నంబరు రాయించారా? రాయించి ఉంటే లాడ్జి రిటర్ను వేసినప్పుడు ఆ బిల్లు మీ జీఎస్టీఆర్-2బిలో కనిపిస్తుంది. ఏ నెలా రాయించకపోతే దాన్ని కూడా రాసుకోండి. ఇక పన్ను రేటు మారిన సంగతి లాడ్జివారికే తెలియకపోయి ఉండవచ్చు. తేల్చే మార్గం ఒకటే: అదే నెలలో అదే లాడ్జిలో దిగిన మరొకరి బిల్లు. మీ సంస్థలోనే వెతకండి.

సాలూరు_బండి
చాలాకాలం ఫీల్డులో తిరిగినవాడిని, ఇప్పుడు సొంత దుకాణం. ఆడిటర్లు ఎప్పుడూ మాట్లాడని వైపు నుంచి ఒక మాట. శ్రీ గారూ, మీ సంస్థ కిలోమీటరుకు ఎంత ఇస్తుంది? ఆ రేటు చివరిసారి ఎప్పుడు పెంచారు? క్లెయిము పెట్టిన ఎన్ని రోజులకు డబ్బు వస్తుంది? మా రోజుల్లో రెండు నెలలు పట్టేది. జులైలో తిరిగిన పెట్రోలుకు సెప్టెంబరు చివర డబ్బు. ఈలోగా ఎవరి జేబులోంచి? ఇంట్లో అడగలేక వడ్డీకి తెచ్చి కంపెనీ పని చేసేవాళ్లను నేను చూశాను. అలాంటి చోట యాభై కిలోమీటర్లను డెబ్భై అని రాయడాన్ని మా జట్టులో ఎవరూ దొంగతనం అనుకునేవారు కాదు. "వడ్డీ కలుపుకున్నాం" అనేవారు.

ముక్కుసూటి
బండి గారూ, మీ బాధ అర్థమైంది, కానీ లెక్క ఒప్పుకోను. పెట్రోలు లీటరు నూట పది దరిదాపుల్లో ఉంది. బండి లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకు రెండున్నర కూడా పడదు. మూడున్నర ఇచ్చినా నష్టం లేదు. వడ్డీ కావాలంటే వడ్డీ అడగాలి, తిరగని దూరం రాయకూడదు.

సాలూరు_బండి
మీ 45 షోరూములో చెప్పే లెక్క. సాలూరు దాటి ఘాట్ ఎక్కే పాత బండి 35 ఇస్తే గొప్ప. టైర్లు, ఆయిలు, బ్రేకులు ఎవరిస్తారు? అది సరే. తప్పు కాదని నేను అనడం లేదు, ఎందుకు చేస్తారో చెబుతున్నాను. వడ్డీ అడిగితే కంపెనీలో ఏమంటారో తెలుసా? "ఇప్పటికే అతనికి ఖర్చులెక్కువ" అంటారు.

నాగావళి_తీరం
బండి గారు చెప్పిందే ఈ చర్చలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపిస్తోంది. సమర్థన అనే మూడో కోణాన్ని చాలామంది దొరికిపోయాక చెప్పే సాకు అనుకుంటారు. క్రెసీ చెప్పింది దానికి భిన్నం: అది పనికి ముందే మనసులో తయారవుతుంది, అది తయారయ్యాకే చెయ్యి కదులుతుంది. "వడ్డీ కలుపుకున్నాం" అన్న మాట జట్టులో అందరి నోటా ఉంటే, కొత్తగా చేరిన కుర్రాడికి తనంతట తాను సాకు వెతుక్కునే శ్రమ కూడా ఉండదు.

దీన్ని ఆడిటర్ కొలవగలడు. శ్రీ గారూ, ఈ నాలుగు నెలల్లో ప్రతి క్లెయిముకూ పెట్టిన తేదీ, చెల్లించిన తేదీ పక్కపక్కన వేసి రోజులు లెక్కకట్టండి. ఆలస్యం చేసేది సంస్థే అయితే, ఒత్తిడిలో ఒక భాగాన్నీ సమర్థననూ రెండింటినీ సంస్థే చేతికిస్తున్నట్టు. నివేదికలో దానికీ చోటుండాలి.

ముక్కుసూటి
ఆలస్యాన్ని నివేదికలో అదే పేజీలో రాస్తే, రేపు ఆయన లాయరు దాన్నే చదువుతాడు. విడిగా రాయండి.

నాగావళి_తీరం
విడి పేరాలో రాయవచ్చు. వదిలేయకూడదు.

కోట_జంక్షన్
విజయనగరం నుంచి. అక్టోబరు 7 నాటి క్లెయిము ఉందేమో చూడండి. ఆ రోజు పైడితల్లి సిరిమానోత్సవం. ఆ మధ్యాహ్నం మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఇసుక వేస్తే రాలదు. బండి సంగతి దేవుడెరుగు, మనిషి నడవడమే కష్టం. మా దగ్గర ఒక కంపెనీ ఉద్యోగి అదే రోజు టౌనులో పదకొండు మంది డీలర్లను కలిశానని రాశాడట.

ఆమదాలవలస_శ్రీ
ఉంది! "విజయనగరం టౌను, డీలర్ల సందర్శన, 64 కి.మీ." టౌనులోనే అరవై నాలుగు.

సాలూరు_బండి
పండుగ రోజు డీలరు ఇంటికి భోజనానికి పిలుస్తాడు, మేమూ వెళ్లేవాళ్లం. సంబంధాలు నిలిచేది అలాగే. వెళ్లలేదని మాత్రం అనకండి. అరవై నాలుగు ఎలా వచ్చిందో అడగండి.

ఆమదాలవలస_శ్రీ
కిలోమీటర్లను ఎలా సరిచూడాలి? మ్యాపులో బొబ్బిలి నుంచి పార్వతీపురం పాతిక కిలోమీటర్ల చిల్లర. ఆయన రానూపోనూ తొంభై దాకా రాస్తున్నారు. అడిగితే మధ్యలో పల్లెలు తిరిగానంటారు, కాదని నేను ఎలా అనగలను?

నాగావళి_తీరం
మ్యాపుతో పేచీ పెట్టుకోకండి, పల్లెల మాట నిజం కావచ్చు కూడా. మీ సంస్థ బండి సర్వీసు ఖర్చు ఇస్తుందా? ఇస్తే సర్వీసు బిల్లుతో పాటు షోరూమువారి జాబ్ కార్డు ఉంటుంది. దాని మీద, బండి లోపలికి తీసుకునేటప్పుడు ఓడోమీటర్ రీడింగు రాస్తారు. ఆ అంకె రాసేది మెకానిక్కు, అతనికి మీ క్లెయిముతో పని లేదు. రెండు సర్వీసుల మధ్య రీడింగుల తేడా చూడండి. అవే తేదీల మధ్య క్లెయిము చేసిన కిలోమీటర్ల మొత్తం పక్కన పెట్టండి.

లెక్కల_పురుగు
ఇది నాకు తట్టనే లేదు. రాసుకున్నాను.

ఆమదాలవలస_శ్రీ
చేతులు వణికాయి. జాబ్ కార్డులు రెండూ ఆయన ఫైలులోనే ఉన్నాయి, వేర్వేరు నెలల వోచర్లకు పిన్ను కొట్టి.

జులై 2: 31,240.
అక్టోబరు 4: 34,905.
బండి తిరిగింది 3,665 కిలోమీటర్లు. అదే కాలానికి క్లెయిము చేసినవి 7,180. తేడా 3,515. మూడున్నర రూపాయల చొప్పున 12,302 రూపాయల యాభై పైసలు.

బండి నంబరు రెండు కార్డుల మీదా ఒకటే. క్లెయిము ఫారంలోనూ అదే.

ముక్కుసూటి
ఇంకేం కావాలి? పిలిచి అడగండి.

నాగావళి_తీరం
వద్దు. ఇప్పుడే అడిగితే "ఆ నెలలో మా బావమరిది బండి మీద తిరిగాను" అంటారు. అది అబద్ధమని మీ దగ్గర ఏమీ లేదు, నిజం కావడానికి కూడా వీలుంది. తెలిసిందని తెలిస్తే లాడ్జి పుస్తకం మాయమవుతుంది. ముందు బయటి ఆధారాలన్నీ చేతికి రావాలి, ఆయనతో మాట్లాడటం చివర్లో. అది కూడా మీరొక్కరే కాదు, మీ పైఅధికారితో, హెచ్‌ఆర్‌తో కలిసి.

ఈ రోజే చేయాల్సింది ఒకటుంది. అసలు వోచర్లు అకౌంట్స్ బీరువాలో ఉంటే సంతకం పెట్టి మీ స్వాధీనంలోకి తీసుకోండి. ప్రింటు బిల్లులు థర్మల్ కాగితం మీద ఉంటే వాటికి నకళ్లు తీయండి, కొన్ని నెలల్లో అక్షరాలు చెరిగిపోతాయి. మీ పైఅధికారికి రాతపూర్వకంగా చెప్పండి. ఎక్కడా "మోసం" అన్న మాట రాయకండి. "క్లెయిము 7,180, జాబ్ కార్డుల ప్రకారం 3,665, వివరణ కావాలి" అంటే చాలు.

వంశధార
కంపెనీల చట్టం 143(12) ప్రకారం కేంద్ర ప్రభుత్వానికి కూడా తెలపాలి కదా?

నాగావళి_తీరం
ఆ బాధ్యత చట్టబద్ధ ఆడిటర్‌ది, అంతర్గత ఆడిటర్‌ది కాదు. అందులోనూ కేంద్రానికి వెళ్లేది కోటి రూపాయలు, ఆ పైన ఉన్నవి. ఇక్కడ విషయం వేలల్లో ఉంది. శ్రీ గారు చెప్పుకోవాల్సింది తన పైవారికి, డైరెక్టర్లకు. చట్టబద్ధ ఆడిటర్ వచ్చి అడిగితే మాత్రం దాచకూడదు.

లెక్కల_పురుగు
ఒకే బసను రెండు చోట్ల చూపారేమో చూడటానికి పద్నాలుగు మంది పద్దులనూ ఒకే షీటులో పెట్టి ఇది వేయండి. బి నిలువు వరుసలో లాడ్జి పేరు, సి నిలువు వరుసలో గది నంబరు, డి నిలువు వరుసలో తేదీ:

```
=COUNTIFS(B:B,B2,C:C,C2,D:D,D2)
```

1 కంటే ఎక్కువ వచ్చినవి చూడండి. బిల్లు నంబరుతో కాకుండా గది నంబరుతో వెతకమంటున్నాను. ఒకే గదికి రెండు బిల్లులుంటే నంబర్లు వేరుగా ఉంటాయి.

నాగావళి_తీరం
పురుగు గారూ, బెన్‌ఫర్డ్ అన్న నోటితోనే ఇంత మంచి సలహా. శ్రీ గారూ, ఇది తప్పక చేయండి. లాడ్జి పేరు మాత్రం అందరికీ ఒకేలా టైపు చేయండి, ఒకచోట "లాడ్జి", ఒకచోట "లాడ్జ్" అని ఉంటే పట్టుకోదు.

ఆమదాలవలస_శ్రీ
ఇది రాయడానికి చాలాసేపు ఆలోచించాను.

నాలుగు అడ్డు వరుసల్లో 2 వచ్చింది, అంటే రెండు జతలు. అక్టోబరు 9, గది 204. అక్టోబరు 23, గది 204. ఒక బిల్లు ఈయనది, చేతిరాత, 1,008. రెండోది అదే గదికి, అదే రాత్రికి, కంప్యూటర్ ప్రింటు, 945, బిల్లు నంబరు నాలుగంకెల్లో. ఆ రెండోది ఏరియా మేనేజరు సొంత క్లెయిములోది.

అంటే మేనేజరు తాను డబ్బు కట్టిన గదికి ఈయన కూడా కట్టినట్టు చూపిన బిల్లు మీద సంతకం చేశారు.

కోట_జంక్షన్
అమ్మో.

ముక్కుసూటి
ఇద్దరూ కలిసే చేశారు. తేలిపోయింది.

సాలూరు_బండి
తొందరపడకండి. మేనేజరుతో తిరిగినప్పుడు గది పంచుకోవడం మాకు మామూలే. నెల చివర ముప్పై కాగితాలు ముందు పెడితే ఆయన చూసి సంతకం పెడతాడా? గది నంబరు చదివే మేనేజరును నేను ఎరగను. అయితే ఈ కుర్రాడి ధైర్యం మాత్రం నాకు అర్థం కావడం లేదు. ఆ రాత్రి తన పక్క మంచం మీద పడుకున్న మనిషి చేతికే ఆ బిల్లు ఇవ్వడమంటే, చూడడని గట్టిగా తెలిసి ఉండాలి.

నాగావళి_తీరం
లేదా చూసినా ఏమీ అనడని తెలిసి ఉండాలి. కాగితం ఈ రెండింటి మధ్య తేడా చెప్పదు. మేనేజరుకు వచ్చే ప్రోత్సాహకం ఈయన అమ్మకాల మీద ఆధారపడి ఉందా అన్నది హెచ్‌ఆర్‌ను అడిగి రాసుకోండి. "మా బంగారం" అన్న మాటకు అర్థం అందులో ఉండవచ్చు.

ఇప్పుడు మీ పని దిశ మారింది. ఇప్పటివరకు ఉద్యోగి ఫైలు చూశారు, ఇక నుంచి ఆ సంతకం చూడాలి. అదే సంతకంతో వెళ్లిన మిగతా ఐదుగురి క్లెయిములు, ఆయన సొంత క్లెయిములు, వాటికి ఎవరు సంతకం చేస్తున్నారో కూడా. లాడ్జికి మాత్రం సంస్థ లెటర్‌హెడ్ మీద ఉత్తరంతో వెళ్లండి, మీ ఫోను నుంచి కబురు చేయకండి. అడగాల్సింది బిల్లు పుస్తకం, అతిథుల రిజిస్టరు. రిజిస్టరులో సంతకం, గుర్తింపు కార్డు వివరం ఉంటాయి.

పలాస_జీడి
నాకు లాడ్జి నుంచి "నకలు" అని రాసిన బిల్లు వచ్చింది, క్లెయిము విడుదల చేశారు. నాగావళి గారికి కేజీ జీడిపప్పు బాకీ.

నాగావళి_తీరం
ఆడిటర్ బహుమతులు తీసుకోకూడదు. పలాస వచ్చినప్పుడు కొనుక్కుంటాను.

ఆమదాలవలస_శ్రీ
వారం తర్వాత రాస్తున్నాను. మా పైఅధికారి, నేను, అకౌంట్స్ నుంచి ఒకరు పార్వతీపురం వెళ్లి వచ్చాం. లాడ్జి యజమాని మర్యాదగా మాట్లాడారు. ఏప్రిల్ నుంచి అన్ని బిల్లులూ కంప్యూటర్‌లోనే, చేతిరాత పుస్తకాలు అప్పుడే ఆపేశారట. సగం వాడిన ఒక పుస్తకం కౌంటర్ సొరుగులో ఉండాలి, లేదు. రాత్రి కౌంటర్‌లో ఉండే అబ్బాయి వేసవిలో మానేశాడట.

రిజిస్టరు చూపించారు. తొమ్మిది రాత్రుల్లో నాలుగింట ఈయన పేరు ఉంది. ఆ నాలుగింటిలో రెండు 204లో మేనేజరుతో కలిసి దిగినవి. అంటే ఐదు రాత్రులకు బసే లేదు, రెండింటికి డబ్బు ఆయన కట్టలేదు, మిగిలిన రెండూ నిజం. నిజమైన ఆ రెండింటికి కూడా పాత పుస్తకం బిల్లే పెట్టారు. ఎందుకో నాకు అర్థం కాలేదు, అవి రెండూ సెప్టెంబరు 22కి ముందువే, మొత్తంలో తేడా కూడా లేదు.

సాలూరు_బండి
నిజం బిల్లు ఒకరకం, మిగతావి ఒకరకం ఉంటే కనిపిస్తాయి కదా. అన్నీ ఒకేలా ఉండాలని పెట్టి ఉంటాడు.

లెక్కల_పురుగు
లేదా ఆ రెండు రాత్రులూ బిల్లు తీసుకోకుండా తక్కువకు మాట్లాడుకుని ఉండవచ్చు.

ఆమదాలవలస_శ్రీ
అలా కూడా ఉండవచ్చు. చెల్లింపుల ఆలస్యం కూడా లెక్కకట్టాను. పద్నాలుగు మందికీ సగటున యాభై రోజులు దాటుతోంది. ఈయన ఒక్కరివి మాత్రం రెండు వారాల్లో చెల్లించారు, ప్రతి నెలా. ఫైలు శుభ్రంగా ఉంటుంది కాబట్టి అకౌంట్స్‌లో ముందు తీసేవారట.

సాలూరు_బండి
అయితే నేను చెప్పిన వడ్డీ మాట ఈయనకు వర్తించదు. మిగతా పదమూడు మందికి మాత్రం వర్తిస్తుంది, వాళ్ల డబ్బు ముందు ఇప్పించండి.

నాగావళి_తీరం
చాలా మంచి పని చేశారు. బండి గారి మాటతో నేనూ నా మాట సరిదిద్దుకుంటున్నాను, ఈయన విషయంలో ఆలస్యం కారణం కాదు. ఒత్తిడి ఏమిటో మనకు తెలియదు, బహుశా ఎప్పటికీ తెలియదు. నివేదికలో దాని గురించి ఊహలు రాయకండి. అకౌంట్స్‌కు శుభ్రమైన ఫైలు అంటే పరీక్ష అవసరం లేని ఫైలు అయిపోయిందన్నది మాత్రం రాయాలి.

ముక్కుసూటి
మొత్తం ఎంత? గదులు ఏడు రాత్రులకు 7,056, కిలోమీటర్లు 12,302. ఇరవై వేలు కూడా లేదు. దీనికి ముగ్గురు మనుషులు పార్వతీపురం వెళ్లారా?

నాగావళి_తీరం
నాలుగు నెలల మీద, ఒక్క ఉద్యోగి మీద తేలిన మొత్తం అది. ఆ సంతకంతో ఆరుగురి డబ్బు వెళుతోంది, ఎన్నేళ్లుగానో ఇంకా చూడలేదు.

ముక్కుసూటి
సరే, అది ఒప్పుకుంటాను. మరి ఆ మేనేజరు క్లెయిములకు సంతకం ఎవరిది?

ఆమదాలవలస_శ్రీ
అడిగారు కాబట్టి చెబుతున్నాను. అమ్మకాల డైరెక్టరుది. నా నివేదిక వెళ్లాల్సింది కూడా ఆయన దగ్గరికే. మా పైఅధికారి మేనేజింగ్ డైరెక్టరుకు నేరుగా ఇద్దామంటున్నారు, హెచ్‌ఆర్ ముందు అమ్మకాల డైరెక్టరుకు చూపించాలంటోంది. మిగతా ఐదుగురి జాబ్ కార్డులు మాత్రం అకౌంట్స్ నుంచి తెప్పించుకున్నాను, రేపు రీడింగులు వేస్తాను. క్లెయిము ఫారంలో "గదిలో మీతో ఎవరున్నారు" అని ఒక గడి పెట్టమని రాయనా?

సాలూరు_బండి
రాయండి. నింపేవాడు తప్పు రాయాలంటే పక్కవాడి క్లెయిము కూడా తెలియాలి.

లెక్కల_పురుగు
గడి పెడితే చాలదు. అకౌంట్స్‌లో ఎవరో ఒకరు ప్రతి నెలా ఆ రెండు క్లెయిములనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఎవరు చూస్తారో పేరుతో సహా రాయించండి.

నాగావళి_తీరం
నివేదిక మేనేజింగ్ డైరెక్టరుకే వెళ్లాలి. ప్రశ్న ఎవరి సంతకం మీద ఉందో ఆ సంతకాన్ని ఆమోదించే మనిషి చేతికి ముందు ఇవ్వకూడదు. హెచ్‌ఆర్ పట్టుబడితే వారి మాటను ఈమెయిలులో రాసి పంపమనండి. జాబ్ కార్డుల రీడింగులు వేశాక ఇక్కడ రాయండి, రెండు బండ్ల వాడకం గురించి ఎవరైనా చెబితే ఎలా సరిచూడాలో అప్పుడు చూద్దాం.